టీ ఖాతాకు నల్లమందు చెల్లు

పద్దెనిమిదో శతాబ్దం చివరికి ఇంగ్లండుకు టీ పిచ్చి పట్టింది. దొరల దివాణాల్లో మొదలైన అలవాటు కూలీల ఇళ్ల దాకా పాకింది. 1784లో ప్రభుత్వం టీ మీద సుంకాన్ని 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించింది. దాంతో అప్పటిదాకా దొంగచాటుగా టీ తెచ్చి అమ్ముకుంటున్నవాళ్ల పొట్ట కొట్టినట్టయింది. అమ్మకమంతా ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చింది. యుద్ధాల ఖర్చుల కోసం సుంకం మళ్లీ పెంచారు గానీ తాగేవాళ్లు మాత్రం తగ్గలేదు. 1830ల నాటికి ఏటా మూడు కోట్ల పౌన్ల టీ ఆకు, అంటే 13 వేల టన్నులకు పైగా ఇంగ్లండు చేరుతోంది. బ్రిటిష్ ఖజానాకు వచ్చే ఆదాయంలో ఇంచుమించు పదో వంతు ఒక్క టీ సుంకమే.

ఆ ఆకంతా చైనా నుంచి రావాలి. చైనాలోనూ ఒక్క రేవు నుంచే రావాలి.

చింగ్ వంశపు చక్రవర్తి 1757లో పాశ్చాత్యుల సముద్ర వ్యాపారాన్ని దక్షిణాన ఉన్న కాంటన్‌కు, అంటే ఇప్పటి గ్వాంగ్‌జౌకు పరిమితం చేశాడు. అక్కడ కూడా వాళ్లకు ఊళ్లోకి ప్రవేశం లేదు. కోట గోడ బయట, నది ఒడ్డున వరుసగా కట్టిన పదమూడు కొఠీల్లో ఉండాలి. భార్యల్ని వెంట తెచ్చుకోకూడదు. బేరాల కాలం ముగిస్తే మూటాముల్లె సర్దుకుని పోర్చుగీసుల మకావుకు పోవాలి. ఎవరితో పడితే వాళ్లతో బేరం కుదరదు. ప్రభుత్వం అనుమతించిన కొద్దిమంది వర్తకుల సంఘంతోనే కొనాలి, అమ్మాలి. పరదేశి ఏ తప్పు చేసినా ఆ వర్తకులే పూచీ. ఆ సంఘానికి పెద్ద హౌక్వా. ఆయన ఆస్తి 1834లో 2 కోట్ల 60 లక్షల వెండి డాలర్లని లెక్క. ఆ రోజుల్లో ప్రపంచంలోనే మహా ధనవంతుల్లో ఒకడు.

ఈ కట్టుబాట్లు తెల్లవాళ్లకు చిరాకు తెప్పించిన మాట నిజమే. కానీ వాళ్ల అసలు బాధ వేరు. టీ కొనడానికి చైనాకు ఏమివ్వాలి? ఇంగ్లండు ఉన్ని బట్టలు ఉక్కపోసే కాంటన్‌లో ఎవరికి కావాలి? గడియారాలు, మరబొమ్మలు అమ్ముడయ్యేవి గానీ వాటితో ఓడలకు ఓడలు టీ రాదు. ఇండియా నుంచి పత్తి పట్టుకెళితే కొంత నడిచింది. మిగిలిన లోటంతా వెండితోనే పూడ్చాలి. మెక్సికో, పెరూ గనుల్లో తవ్విన వెండి స్పానిష్ డాలర్ల రూపంలో అట్లాంటిక్ దాటి వచ్చి, కంపెనీ ఓడలెక్కి కాంటన్‌లో దిగేది. దిగింది మళ్లీ తిరిగొచ్చేది కాదు. 1793లో లార్డ్ మెకార్ట్‌నీ ఖగోళ యంత్రాలూ బండ్లూ తుపాకులూ కానుకలుగా పట్టుకుని బీజింగ్ వెళ్లాడు, ఇంకొన్ని రేవులు తెరవమని అడగడానికి. చియన్‌లాంగ్ చక్రవర్తి కానుకలు పుచ్చుకుని, మా దగ్గర లేనిదేమీ లేదు, మీ సరుకుతో మాకు పని లేదు అన్న ధోరణిలో జవాబు రాసి సాగనంపాడు.

అయితే చైనాలో కొనుగోలుదారు కరువులేని సరుకు ఒకటి అప్పటికే కంపెనీ గుప్పిట్లో ఉంది. అదే నల్లమందు.

బెంగాల్, బీహార్ ప్రాంతాల నల్లమందు మీద 1773లో వారన్ హేస్టింగ్స్ కంపెనీకి గుత్తాధిపత్యం కట్టబెట్టాడు. 1797కల్లా సాగు నుంచి తయారీ దాకా అంతా కంపెనీ అజమాయిషీ కిందికి వచ్చింది. పాట్నాలో ఒక ఏజెన్సీ, ఘాజీపూర్ కేంద్రంగా ఇంకొకటి. కంపెనీ మనుషులు ముందుగా రైతుకు బయానా ఇచ్చి ఒప్పందం రాయించుకునేవారు. పండినదంతా కంపెనీ చెప్పిన ధరకు కంపెనీకే పోయాలి. బయటివాడికి అమ్మితే నేరం. కౌలు, నీటి తడులు, కూలి అన్నీ కలిపితే గసగసాల పంట చాలామంది చిన్న రైతులకు గిట్టేది కాదు. అయినా శిస్తు కట్టాల్సిన సమయానికి చేతిలో రొక్కం పడేది ఆ బయానాతోనే కాబట్టి తప్పించుకోవడం కష్టమయ్యేది. కాదంటే ఊరి పెద్దల ఒత్తిడి ఉండనే ఉంది.

ఆ పంట పని చూస్తే చేతిపనిలో ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. చలికాలం చివర్లో పూరేకులు రాలుతుంటే వాటిని ఏరి, మట్టి పెనం మీద వేడిచేస్తూ అదిమి, పల్చటి రొట్టెల్లా తయారు చేసేవారు. పువ్వు రాలాక మిగిలిన పచ్చికాయకు మధ్యాహ్నం పూట సన్నని పలకల కత్తితో నిలువు గాట్లు పెట్టేవారు. రాత్రంతా కారి చిక్కబడిన పాలను మర్నాడు పొద్దున్నే గీకి కుండల్లోకి ఎత్తేవారు. ఒక్కో కాయకు రోజులు విడిచి రోజులు ఇలా నాలుగైదు సార్లు. ఫ్యాక్టరీలో ఆ ముద్దను ఆరబెట్టి, ఇత్తడి గిన్నెలో పూరేకుల రొట్టెల్ని పొరలు పొరలుగా పరిచి, మధ్యలో నల్లమందు కూరి బంతిగా చుట్టేవారు. పొరలు అంటుకోవడానికి వాడే బంక కూడా నాసిరకం నల్లమందుదే. ఒక్కో బంతి కిలోన్నర పైచిలుకు బరువు తూగేది. నెలల తరబడి బారులు తీరిన అరల్లో ఆరబెట్టాక, రెండు వరుసలుగా అరలు కట్టిన మామిడి చెక్క పెట్టెలో నలభై బంతులు సర్దేవారు. కంపెనీ ముద్ర పడ్డ పెట్టె అంటే చైనా కొనుగోలుదారు విప్పి చూసే పని లేదు. ఆ నమ్మకాన్ని కంపెనీ ప్రాణప్రదంగా కాపాడుకుంది.

ఇక ఆ పెట్టె వెంట నడిస్తే కంపెనీ తెలివి బోధపడుతుంది. చైనాలో నల్లమందు నిషిద్ధం. 1729లోనే దాన్ని పీల్చేందుకు అమ్మడాన్ని ఒక చక్రవర్తి నిషేధించాడు, తరువాత దిగుమతినీ నిషేధించారు. కంపెనీ నేరుగా పట్టుకెళ్లి అమ్మితే కాంటన్‌లో టీ లైసెన్సుకే ఎసరు. అందుకని కంపెనీ చేతికి మసి అంటకుండా ఏర్పాటు చేసుకుంది. పెట్టెలను కలకత్తాలో బహిరంగ వేలం వేసేది. కంపెనీకి సుమారు మూడొందల రూపాయలు పడిన పెట్టె వేలంలో మూడు, నాలుగు రెట్లు పలికేది. పాడుకున్న ప్రైవేటు వర్తకుడు దాన్ని ఎక్కడికి తీసుకెళుతున్నాడో కంపెనీ అడగదు, తనకు తెలియనట్టే ఉంటుంది. ఆ వర్తకుల్లో స్కాట్లండువాళ్లూ ఉన్నారు, బొంబాయి పార్సీలూ ఉన్నారు. ఓడ వైద్యుడిగా జీవితం మొదలుపెట్టిన విలియం జార్డిన్ 1832లో జేమ్స్ మాథెసన్‌తో కలిసి పెట్టిన సంస్థ వీళ్లందరిలోకి పెద్దది. అతనికి బొంబాయిలో వ్యాపార బంధువు జంషెట్జీ జీజీభాయ్. మాళ్వా రాజ్యాల్లో పండిన నల్లమందు పశ్చిమ తీరం నుంచి ఇలాంటివాళ్ల ఓడల్లో వెళ్లేది.

ఓడ కాంటన్ దాకా పోదు. పెర్ల్ నది ముఖద్వారంలో లింటిన్ అనే దీవి దగ్గర పాత ఓడలు కొన్ని లంగరేసి ఉండేవి, తేలే గోదాముల్లాగా. సరుకు అందులోకి దించి, ఓడ మిగతా న్యాయమైన సరుకుతో దర్జాగా పైకి వెళ్లేది. చైనా దళారి కాంటన్ కొఠీలో వెండి కట్టి చీటీ తీసుకునేవాడు. ఆ చీటీతో అరవై మంది దాకా తెడ్లేసే పొడవాటి పడవలు రాత్రివేళ లింటిన్ చేరి పెట్టెలు ఎత్తుకుపోయేవి. ఆ పడవల్ని చైనావాళ్లు పరుగు పీతలు అనేవారు. కాపలా పడవల అధికారులకు పెట్టెకింత అని మామూళ్లు ముట్టేవి. కొన్నిసార్లు కాపలా పడవలే రవాణా చేసేవి.

ఇప్పుడు వర్తకుడి దగ్గర గుట్టలుగా వెండి ఉంది. అంత వెండిని సముద్రం మీద ఇంటికి మోసుకెళ్లడం ప్రమాదం. పక్కనే కాంటన్‌లో కంపెనీ ఖజానా ఉంది, దానికి టీ కొనడానికి వెండి కావాలి. వర్తకుడు వెండి అక్కడ కట్టి, లండన్‌లోనో కలకత్తాలోనో సొమ్ము చెల్లించేలా హుండీ రాయించుకునేవాడు. ఆ వెండితోనే కంపెనీ టీ కొనేది. కాగితం మీద చూస్తే కంపెనీ నల్లమందు అమ్మింది కలకత్తాలో, టీ కొన్నది కాంటన్‌లో. రెండిటికీ సంబంధం లేదు! ఇంతకన్నా శుభ్రంగా దస్తరాలు రాసుకున్న దొంగ వ్యాపారం చరిత్రలో అరుదు.

1820 ప్రాంతంలో ఏటా నాలుగైదు వేల పెట్టెలు చైనాకు వెళ్లేవి. 1833లో బ్రిటిష్ పార్లమెంటు చైనా వ్యాపారం మీద కంపెనీ గుత్తాన్ని ఎత్తేయడానికి చట్టం చేసింది. మర్నాటి ఏడాది నుంచి ఎవరైనా వెళ్లవచ్చు. ఆ దశాబ్దం చివరికి పెట్టెల సంఖ్య నలభై వేల దరిదాపులకు చేరింది. పెట్టెకు అరవై కిలోల పైన లెక్కేసుకుంటే అది రెండున్నర వేల టన్నులు.

దాని దెబ్బ నల్లమందు పీల్చేవాడి ఒంటికే కాదు, పీల్చనివాడి మూటకూ తగిలింది. చైనాలో రైతు తన పంటను రాగి నాణేలకు అమ్ముకునేవాడు. పన్ను మాత్రం వెండి లెక్కలో కట్టాలి. ఒక తూకం వెండికి వెయ్యి రాగి నాణేలన్నది ప్రభుత్వం పెట్టిన మారకం. 1820ల చివరి నుంచి వెండి దేశంలోకి రావడం పోయి బయటికి పోవడం మొదలైంది. 1830ల చివరికి అదే తూకం వెండికి పదహారు వందల దాకా నాణేలు పోయాల్సి వచ్చింది. అంటే సర్కారు పన్ను ఒక్క పైసా పెంచకుండానే రైతు మీద భారం సగానికి పైగా పెరిగింది. పన్నులు బకాయి పడ్డాయి, రాష్ట్రాల ఖజానాలు వెలవెలబోయాయి. నల్లమందు మీద బీజింగ్ దర్బారుకు అంత కంగారు పుట్టించింది ఈ లెక్కే.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. వెండి కొరతకు నల్లమందు ఒక్కటే కారణమా అన్న దాని మీద చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. అదే కాలంలో స్పెయిన్ మీద లాటిన్ అమెరికా తిరుగుబాట్లు జరిగి గనులు దెబ్బతిన్నాయి, ప్రపంచమంతటా వెండి తగ్గింది. రాగి నాణేల నాణ్యత కూడా దిగజారింది. ఇవన్నీ కలిశాయి. కానీ బీజింగ్‌లో కూర్చున్న మంత్రులకు మెక్సికో గనుల సంగతి తెలిసే మార్గం లేదు. వాళ్ల కళ్లకు కనిపించింది లింటిన్ దగ్గర వెండి ఎక్కించుకుంటున్న ఓడలే.

ఏం చేయాలన్న దాని మీద దర్బారులో రెండు వాదాలు నడిచాయి. షూ నాయ్‌జీ అనే అధికారి 1836లో, నిషేధం ఎలాగూ పనిచేయడం లేదు, వ్యాపారాన్ని చట్టబద్ధం చేసి సుంకం వేద్దాం, వెండి ఇవ్వకుండా సరుకుకు సరుకు మార్పిడి చేద్దాం అన్నాడు. కాంటన్‌లోని తెల్ల వర్తకులు పండగ చేసుకున్నారు. రెండేళ్లకు హువాంగ్ జ్యూయెజి అనే ఇంకో అధికారి, అలవాటు మానడానికి ఏడాది గడువిచ్చి, అప్పటికీ మాననివాడికి మరణశిక్ష వేయాలన్నాడు. డావోగ్వాంగ్ చక్రవర్తి కఠిన మార్గం వైపే మొగ్గాడు. దాని అమలుకు ఎంచుకున్న మనిషి లిన్ జెషూ. తన పాలనలోని రాష్ట్రాల్లో పీల్చేవాళ్ల గొట్టాలు స్వాధీనం చేసుకుని, మాన్పించే మందులు పంచిన అనుభవం ఉన్నవాడు. లంచం ముట్టడన్న పేరుంది.

1839 మార్చి 10న లిన్ కాంటన్‌లో దిగాడు. వారం తిరిగేసరికి, ఓడల్లో ఉన్న నల్లమందంతా అప్పగించి, ఇకపై తేబోమని పూచీకత్తు రాసివ్వాలని తెల్లవాళ్లకు తాఖీదు పంపాడు. వాళ్లు మొదట వెయ్యి పెట్టెలు చూపించి సరిపెట్టబోయారు. లిన్ ఒప్పుకోలేదు. 24న కొఠీల చుట్టూ సైనికుల్ని పెట్టి, లోపలున్న చైనా వంటవాళ్లనూ నౌకర్లనూ బయటికి పిలిపించేశాడు. సుమారు మూడొందల యాభై మంది పరదేశీయులు ఆరు వారాల పాటు లోపలే చిక్కుకున్నారు. ఆకలి చావులేమీ లేవు. వాళ్ల ఇబ్బంది చాలావరకు సొంతంగా వంట చేసుకోవాల్సి రావడమే.

బ్రిటిష్ వ్యాపార పర్యవేక్షకుడు చార్లెస్ ఇలియట్‌కు వ్యక్తిగతంగా నల్లమందు వ్యాపారమంటే అసహ్యం. అయితే లోపలున్న తన దేశస్థుల ప్రాణాలు కాపాడే మార్గం వెతుకుతూ ఒక పని చేశాడు. నల్లమందంతా బ్రిటిష్ రాణి ప్రభుత్వం పేర తనకు అప్పగించండి, విలువకు ప్రభుత్వం పూచీ అన్నాడు. వర్తకులు ఎగిరి గంతేశారు. లిన్ దాడులతో కొనేవాడు లేక నెలల తరబడి సరుకు ఓడల్లోనే కూర్చుంది. ఇప్పుడు సాక్షాత్తూ ప్రభుత్వమే కొంటానంటోంది! కొందరు ఇంకా దారిలో ఉన్న పెట్టెల్ని కూడా లెక్కలో చూపించారు. మొత్తం 20,283 పెట్టెలు తేలాయి. ఇలియట్ వాటిని లిన్‌కు అప్పగించాడు. కొందరు దొంగ వ్యాపారుల సరుకు ఆ ఒక్క సంతకంతో రాణిగారి ఆస్తి అయింది, దాన్ని నాశనం చేయడం రాణిగారికి జరిగిన నష్టమైంది. యుద్ధానికి బీజం అక్కడే పడింది.

లిన్ కూడా నష్టపరిహారం ఇస్తానన్నాడు. పెట్టెకు ఐదు కాటీలు, అంటే మూడు కిలోల టీ ఆకు!

హూమెన్ దగ్గర సముద్రపు ఒడ్డున జూన్ 3న పని మొదలైంది. నల్లమందును తగలబెడితే కరిగిన మందు నేలలోకి ఇంకుతుంది, తరువాత ఆ మట్టి తవ్వుకుని మళ్లీ వాడుకుంటారు. అందుకని లిన్ అడుగున రాళ్లు పరిచిన పెద్ద గోతులు తవ్వించాడు. వాటిలో నీరు నింపి, ఉప్పు కుమ్మరించి, ముక్కలు చేసిన బంతులు వేసి నాననిచ్చి, పైన సున్నం పోయించాడు. సున్నం ఉడుకుతుంటే కూలీలు పలకల మీద నిలబడి పారలతో కలియబెట్టేవారు. పోటు తగ్గే వేళకు తూము తెరిస్తే అంతా సముద్రంలోకి పోయేది. ఐదొందల మంది కూలీలు, మూడు వారాలకు పైగా పని. సాయంత్రం పని దిగేటప్పుడు ఒంటి మీద ఏమైనా దాచుకున్నారేమోనని సోదా చేసేవారు. నీళ్లను మలినం చేస్తున్నందుకు లిన్ ముందుగానే సముద్ర దేవతకు క్షమాపణగా పూజ చేయించాడు.

ఆ ఏడాదే విక్టోరియా రాణికి ఉత్తరం కూడా రాశాడు. మీ దేశంలో నల్లమందు నిషేధించుకుని మా దేశానికి పంపడం ధర్మమేనా అన్నది అందులో సారాంశం. అది రాణి చేతికి అందిన దాఖలా లేదు. నిజానికి ఇంగ్లండులో నిషేధమే లేదు. అక్కడి దుకాణాల్లో నల్లమందు ద్రావకాన్ని దగ్గుకూ నొప్పికీ ఎవరైనా కొనుక్కోవచ్చు, ఏడిచే పిల్లలకు కూడా పట్టేవారు.

ఇలియట్ చేసిన పూచీ లండన్‌లో ప్రభుత్వం నెత్తిన పడింది. సుమారు ఇరవై లక్షల పౌన్లు ఎవరివ్వాలి? బ్రిటిష్ పన్ను చెల్లింపుదారుడి మీద వేసే ధైర్యం లేదు. చైనా నుంచే రాబట్టాలి. విదేశాంగ మంత్రి పామర్‌స్టన్‌ను జార్డిన్ స్వయంగా కలిసి పటాలు చూపించి, ఎన్ని ఓడలు, ఎంతమంది సైనికులు కావాలో, ఏ రేవులు అడగాలో చెప్పాడు. 1840 ఏప్రిల్‌లో పార్లమెంటులో మూడు రోజులు చర్చ నడిచింది. ఇంతకన్నా అన్యాయమైన యుద్ధం తానెరగనని యువకుడైన గ్లాడ్‌స్టన్ నిప్పులు చెరిగాడు. ఓట్లు లెక్కపెడితే ప్రభుత్వం 271–262తో, కేవలం తొమ్మిది ఓట్ల తేడాతో బయటపడింది.

ఆ యుద్ధానికి మనవైపు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఓడలెక్కిన సైన్యంలో బ్రిటిష్ రెజిమెంట్లతో పాటు బెంగాల్ వాలంటీర్లు, మద్రాసు సైన్యపు సిపాయిలు, మద్రాసు సాపర్లు వెళ్లారు. మద్రాసు సైన్యంలో తమిళులూ ముస్లింలతో పాటు ఉత్తర సర్కారుల తెలుగువాళ్లూ ఉండేవారు. 1841 మే నెలాఖరున కాంటన్ ఊరి బయట సాన్‌యువాన్‌లీ దగ్గర, తమ పొలాలూ సమాధులూ పాడుచేశారన్న కోపంతో వేలాది గ్రామస్థులు ఈటెలూ కొడవళ్లూ పట్టుకుని చుట్టుముట్టారు. కుండపోత వానలో 37వ మద్రాసు పదాతి దళానికి చెందిన ఒక కంపెనీ మిగతావాళ్ల నుంచి తప్పిపోయింది. చెకుముకి రాయి తుపాకులు తడిసి పేలలేదు. బాయ్‌నెట్లు బయటికి పెట్టి చదరంగా నిలబడి రాత్రిదాకా కాచుకున్నారు. వానకు తడిసినా పేలే కొత్తరకం తుపాకులున్న మెరైన్లు వెతుక్కుంటూ వచ్చాకే వాళ్లు బయటపడ్డారు. ఈ ఘటనను చైనా పాఠ్యపుస్తకాలు ప్రజల తిరుగుబాటుగా ఈనాటికీ చెబుతాయి. చదరంలో నిలబడ్డవాళ్లు మాత్రం ఎవరి టీ ఖాతా కోసమో అక్కడికి వెళ్లిన కూలిసైనికులు.

యుద్ధం ఏకపక్షంగానే సాగింది. చైనా కోటల్లోని ఫిరంగులు చాలావరకు దిమ్మెల్లో కదలకుండా బిగించి ఉన్నాయి. ఓడ పక్కకు జరిగితే గుండు తగలదు. ఎదుటివైపు నెమెసిస్ అనే ఇనుప ఆవిరి ఓడ వచ్చింది. గాలితో దానికి పని లేదు. అడుగు బల్లపరుపుగా ఉండటంతో పెద్ద ఓడలు పోలేని లోతు తక్కువ కాలువల్లోకి దూరిపోయి, మిగతా ఓడల్ని లాక్కుపోయేది. 1841 జనవరిలో చువెన్‌పీ దగ్గర అది వదిలిన ఒక్క రాకెట్టుకు చైనా యుద్ధనౌకలోని మందుగుండు అంటుకుని ఓడ మనుషులతో సహా పేలిపోయింది. బ్రిటిష్‌వాళ్లను పెద్ద సంఖ్యలో చంపింది రోగాలే. జోషాన్ దీవిలో మకాం వేసిన తొలి ఏడాది జ్వరాలు, విరేచనాలతో నాలుగొందల మందికి పైగా పోయారు.

మధ్యలో ఇలియట్ ఒక ఒప్పందం కుదిర్చి హాంగ్‌కాంగ్ దీవి తీసుకున్నాడు. ఇళ్లైనా లేని బోడి దీవి తీసుకున్నావని పామర్‌స్టన్ అతణ్ని తీసేసి హెన్రీ పాటింజర్‌ను పంపాడు. ఎక్కువ ఇచ్చాడని చక్రవర్తి తన ప్రతినిధిని శిక్షించాడు. లిన్‌ను అంతకుముందే పదవి నుంచి తప్పించి, తరువాత పశ్చిమ సరిహద్దులోని ఇలీకి ప్రవాసం పంపారు. పాటింజర్ కాంటన్‌లో కాలం వృథా చేయకుండా యాంగ్జీ నది వైపు తిరిగాడు. 1842 జూలై 21న చెంజ్యాంగ్ పట్టణం పడిపోయింది. దక్షిణాది ధాన్యాన్ని బీజింగ్‌కు మోసే మహా కాలువ యాంగ్జీని దాటేది అక్కడే. ఆ మెడ పట్టుకున్నాక రాజధానికి తిండిగింజల దారి మూసుకుపోయింది. ఊళ్లోని మాంచూ సైనికులు చాలామంది శత్రువుకు చిక్కడం ఇష్టంలేక భార్యాబిడ్డల్ని చంపి తామూ చచ్చారు.

ఆగస్టు 29న నాన్‌జింగ్ దగ్గర లంగరేసిన కార్న్‌వాలిస్ అనే యుద్ధనౌక మీద సంధి జరిగింది. కాంటన్‌తో పాటు షియామెన్, ఫూజౌ, నింగ్‌బో, షాంఘై రేవులు తెరవాలి. హాంగ్‌కాంగ్ ఇచ్చేయాలి. కాంటన్ వర్తక సంఘం గుత్తాన్ని రద్దు చేయాలి. రెండు కోట్ల పది లక్షల డాలర్లు చెల్లించాలి. అందులో అరవై లక్షలు తగలబెట్టలేక సముద్రంలో కలిపిన నల్లమందు ఖరీదు, ముప్పై లక్షలు వర్తక సంఘం బాకీలు, మిగిలిన కోటీ ఇరవై లక్షలు తనను ఓడించినందుకు అయిన ఖర్చు. మర్నాటి ఏడాది అనుబంధ ఒప్పందాల్లో అసలు ముళ్లు దాగున్నాయి. చైనాలో నేరం చేసిన బ్రిటిష్‌వాణ్ని చైనా కోర్టు విచారించకూడదు, సుంకం సుమారు ఐదు శాతానికి మించకూడదు, ఇంకే దేశానికి ఏ రాయితీ ఇచ్చినా అది బ్రిటన్‌కూ వర్తించాలి. 1844లో అమెరికా, ఫ్రాన్స్ కూడా ఇలాంటి ఒప్పందాలు రాయించుకున్నాయి. నల్లమందు వ్యాపారం చట్టబద్ధమా కాదా అన్నది మాత్రం సంధిలో ఎక్కడా రాసుకోలేదు. నిషేధం కాగితం మీద నిషేధంగానే ఉండగా, 1850ల్లో దిగుమతి అరవై వేల పెట్టెలు దాటింది.

తెరిచిన రేవులు బ్రిటిష్ మిల్లులకు ఆశించినంత లాభం తేలేదు. చైనా పల్లెల్లో సొంతంగా నేసుకునే ముతక బట్ట చవక, గట్టి. అయితే మిల్లు యజమానులు తప్పు తమ లెక్కలో ఉందనుకోలేదు. ఇంకా లోపలికి వెళ్లనివ్వకపోవడమే కారణం అనుకున్నారు. రెండో యుద్ధానికి సాకు 1856 అక్టోబరు 8న దొరికింది. ఆరో అనే చిన్న ఓడ మీద సముద్రపు దొంగలున్నారని కాంటన్ అధికారులు చైనా నావికుల్ని పట్టుకున్నారు. అది హాంగ్‌కాంగ్‌లో రిజిస్టరైన ఓడ, బ్రిటిష్ జెండాకు అవమానం జరిగిందని కాన్సల్ హ్యారీ పార్క్స్ గొడవకు దిగాడు. దాని రిజిస్ట్రేషన్ గడువు పదకొండు రోజుల ముందే తీరిపోయింది. ఈసారి పార్లమెంటు పామర్‌స్టన్‌ను పదహారు ఓట్లతో ఓడించింది. ఆయన ఎన్నికలు పెట్టించి, చైనావాళ్ల మీద రెచ్చగొట్టి గెలిచి వచ్చాడు. తమ మత ప్రచారకుణ్ని చంపారని ఫ్రాన్స్ కూడా జతకలిసింది. 1857లో ఇండియాలో సిపాయిల తిరుగుబాటు రాకపోతే యుద్ధం ఇంకా ముందే ముగిసేదేమో. చైనాకు బయలుదేరిన సైన్యాన్ని దారి మళ్లించి కలకత్తాకు రప్పించుకున్నారు.

1858లో త్యాన్‌జిన్ సంధి, దానికి తోడుగా షాంఘైలో సుంకాల ఒప్పందం కుదిరాయి. వంద కాటీల నల్లమందుకు ముప్పై తూకాల వెండి సుంకం వేసి వ్యాపారాన్ని చట్టబద్ధం చేశారు. ఇరవై రెండేళ్ల కింద షూ నాయ్‌జీ అడిగింది ఇంచుమించు ఇదే, వెండి ఇవ్వకూడదన్న ముఖ్యమైన షరతు మినహా. సంధిని ఖరారు చేసేందుకు వచ్చిన బ్రిటిష్ నౌకల్ని 1859లో డాగు కోటలు చావుదెబ్బ తీశాయి. మర్నాటి ఏడాది ఆంగ్లో-ఫ్రెంచి సైన్యం బీజింగ్ దాకా వచ్చింది. చర్చలకు వెళ్లినవాళ్లను చైనావాళ్లు బంధించగా, చాలామంది చిత్రహింసలకు చనిపోయారు. వాళ్లలో భారతీయ సైనికులూ ఉన్నారు. అప్పటికే సైన్యం దోచుకున్న యువాన్‌మింగ్‌యువాన్ అనే వేసవి రాజమందిరాన్ని, ప్రతీకారంగా లార్డ్ ఎల్గిన్ ఆజ్ఞ మీద అక్టోబరు 18 నుంచి తగలబెట్టారు. ఆ నెలలోనే బీజింగ్ ఒప్పందంతో త్యాన్‌జిన్ రేవూ తెరుచుకుంది, కౌలూన్ బ్రిటన్ పరమైంది.

నల్లమందు చట్టబద్ధమయ్యాక చైనా రైతులే సిచువాన్, యున్నాన్ రాష్ట్రాల్లో పెద్ద ఎత్తున పండించసాగారు. ఇండియా నుంచి వచ్చేది 1880 ప్రాంతంలో లక్ష పెట్టెల స్థాయికి చేరి, అక్కణ్నుంచి తగ్గుముఖం పట్టింది. ఈలోగా టీ వైపు కథ తిరగబడింది. అస్సాం, సింహళం తోటలు ఎదిగి, 1880ల చివరికి బ్రిటన్ చైనా టీ కన్నా ఇండియా టీనే ఎక్కువ తాగుతోంది. ఏ లోటు పూడ్చడానికి నల్లమందు మొదలుపెట్టారో ఆ లోటు లేకుండా పోయినా, పెట్టెలు మాత్రం ఆగలేదు. ఎందుకంటే శతాబ్దం మధ్యలో ఇండియా సర్కారు ఆదాయంలో ఆరో, ఏడో వంతు నల్లమందుదే. దాన్ని వదులుకోవడానికి కలకత్తా ఒప్పుకోలేదు. 1907లో పదేళ్లలో ఎగుమతి ఆపేస్తామని బ్రిటన్ చైనాతో ఒప్పందం చేసుకుంది. 1913లో ఇండియా నుంచి చైనాకు నల్లమందు అమ్మకం నిలిచిపోయింది.